పాప తలలో తామర: టెర్బినాఫిన్ వాడాలా, గ్రిసియోఫుల్విన్ వాడాలా?

మా పాపకి ఎనిమిదేళ్లు, 24 కిలోలు. తల వెనక రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిపోయి, అక్కడ పొట్టు లేస్తోంది, దగ్గరగా చూస్తే వెంట్రుకలు మొదట్లోనే విరిగి నల్ల చుక్కల్లా ఉన్నాయి. క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయికీ ఇలాగే ఉందట.

పిల్లల డాక్టరు గారు గ్రిసియోఫుల్విన్ 250 రోజుకి రెండుసార్లు, పాలో నెయ్యి అన్నమో తిన్నాక, ఎనిమిది వారాలు వేయమన్నారు. చర్మం డాక్టరు గారేమో టెర్బినాఫిన్ 125 రోజుకొకటి, నాలుగు వారాలు చాలన్నారు. పూతమందు వెంట్రుక కుదుళ్లలోకి దిగదు కాబట్టి మాత్ర తప్పదని ఇద్దరూ చెప్పారు.

నాకు అర్థమైనంతలో, నల్ల చుక్కలు వచ్చే ట్రైకోఫైటాన్ రకానికి టెర్బినాఫిన్ తక్కువ రోజుల్లో పనిచేస్తుంది, పిల్లుల నుంచి అంటుకునే మైక్రోస్పోరమ్‌కి మాత్రం గ్రిసియోఫుల్వినే మేలు. చుక్కల్ని బట్టి మొదటిదే అనిపిస్తోంది, కానీ పాప రోజూ వీధిలో పిల్లిపిల్లని ఎత్తుకుంటుంది, అదే నా టెన్షన్. ఉడ్స్ ల్యాంప్ కింద ఆకుపచ్చగా మెరవలేదు, అంటే మైక్రోస్పోరమ్ కాదనే అనుకోవచ్చా? కల్చర్‌కి వెంట్రుకలు ఇచ్చాం, రిపోర్టుకి వారాలు పడుతుందట.

అప్పటిదాకా ఆగాలా, టెర్బినాఫిన్ మొదలుపెట్టేయొచ్చా? నాలుగు వారాలకు ముందు లివర్ టెస్టు మీ పిల్లలకి చేయించారా? కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు వాడుతూ, దువ్వెన వేరుగా పెట్టి బడికి పంపుతున్నాను. తమ్ముడికీ ఆ షాంపూ వాడాలా? పిల్లలకి ఈ మందులు వాడినవాళ్లు, డాక్టర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.