బెల్టు మీద పడే ఇసుక: మోటారు ఇచ్చిన దానిలో సగం ఏమైంది?

ప్రశ్న – ఇంటర్ విద్యార్థిని, తిరుపతి
సెకనుకు 40 కిలోల ఇసుక నిలువుగా పడుతుండగా, కన్వేయర్ బెల్టు 2 మీ/సె వేగంతో సమంగా నడవాలంటే అదనంగా ఎంత బలం కావాలి? నాకు 80 న్యూటన్లు, 160 వాట్లు వచ్చాయి. కానీ ఇసుక పొందిన గతిజశక్తి సెకనుకు 80 జౌళ్లే. తప్పు ఎక్కడ?

ఇంజనీరింగ్ విద్యార్థి
బెల్టు వేగం మారడం లేదు కాబట్టి త్వరణం సున్నా. పైగా ఒక చివర పడినంత ఇసుకే మరో చివర రాలిపోతున్నందువల్ల బెల్టు మీది ద్రవ్యరాశి కూడా మారదు. ఇక బలం అవసరమెక్కడిది? 80 న్యూటన్లన్నదే తప్పని నా అభిప్రాయం.

క్రషర్ నడిపేవాడిని, చిత్తూరు
160 వాట్లా! మా బెల్టుకు 5 హార్స్‌పవర్ మోటారు ఉంది, ఖాళీ బెల్టును తిప్పడానికే రోలర్లు 160 వాట్లకంటే ఎక్కువ తింటాయి. సరుకును 5 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలి కూడా. ఈ లెక్కతో మోటారు కొంటే మొదటి రోజే కాలిపోతుంది.

విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు
క్రషర్ సోదరుడు చెప్పింది నిజమే. సెకనుకు 40 కిలోలను 5 మీటర్లు ఎత్తడానికే దాదాపు 2,000 వాట్లు కావాలి. అయితే అమ్మాయి అడిగింది సమతలంగా ఉన్న బెల్టు గురించి, అదీ ఇసుకను కదిలించడానికి అయ్యే అదనపు ఖర్చు గురించి మాత్రమే.

ఇంజనీరింగ్ బాబు బెల్టు మీది ఇసుక మొత్తాన్ని ఒకే వస్తువుగా చూస్తున్నాడు. ఆ ఇసుక ఎంత ఉందన్నది కాదు, ఒక్క సెకనులో ఏది వచ్చి ఏది పోయిందన్నది చూడాలి. వచ్చిన 40 కిలోలకు అడ్డంగా వేగం లేదు. పోయిన 40 కిలోలు 2 మీ/సె వేగంతో పోయాయి. అంటే సెకనుకు 80 కి.గ్రా.మీ/సె ద్రవ్యవేగాన్ని ఎవరో ఇచ్చి ఉండాలి, ఇచ్చినది బెల్టే. కాబట్టి 80 న్యూటన్లు సరైనదే. దానిని 2 మీ/సెతో గుణిస్తే వచ్చే 160 వాట్లూ సరైనదే.

మిగిలిన 80 వాట్లు ఇసుక బెల్టు మీద జారుతున్నప్పుడు పుట్టే వేడిగా పోతున్నాయి.

ఇంజనీరింగ్ విద్యార్థి
బలం విషయం ఒప్పుకుంటున్నాను, సార్. కానీ బెల్టు బాగా గరుకుగా ఉంటే ఇసుక జారదు కదా. అప్పుడు ఆ సగం మిగలాలి.

విశ్రాంత అధ్యాపకుడు
మిగలదు, బాబూ. ఘర్షణ గుణకం 0.5 అనుకుని, g ను 10గా తీసుకో. రేణువుకు 5 మీ/సె² త్వరణం వస్తుంది, బెల్టు వేగాన్ని అందుకోవడానికి 0.4 సెకను పడుతుంది. ఆ వ్యవధిలో బెల్టు 0.8 మీటరు వెళ్తే రేణువు 0.4 మీటరే వెళ్తుంది. ఏ క్షణంలో చూసినా జారుతున్న ఇసుక 16 కిలోలు. దాని మీది ఘర్షణ 0.5 × 16 × 10, అంటే అదే 80 న్యూటన్లు! జారే వేగం 2 నుంచి సున్నాకు తగ్గుతుంది కాబట్టి సగటు 1 మీ/సె. నష్టం 80 వాట్లు.

ఇప్పుడు గుణకాన్ని రెట్టింపు చేయి. జారే సమయం 0.2 సెకనుకు పడిపోతుంది, జారుతున్న ఇసుక 8 కిలోలవుతుంది, బలం మాత్రం 80 దగ్గరే నిలుస్తుంది. గరుకుదనం జారే దూరాన్ని తగ్గించగలదు, నష్టాన్ని తగ్గించలేదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని
అయితే రాకెట్‌కు కూడా mv మార్పులోంచి v·dm/dt వాడి, v స్థానంలో రాకెట్ వేగమే వేయవచ్చా, సార్?

విశ్రాంత అధ్యాపకుడు
వేయకూడదమ్మా, పరీక్షలో ఎక్కువమంది పడే గుంట అదే. వేయవలసింది రాకెట్‌ను బట్టి వాయువు బయటపడే వేగం. సెకనుకు 40 కిలోల వాయువు 2,500 మీ/సెతో వెళ్తే థ్రస్టు 1,00,000 న్యూటన్లు. శ్రీహరికోటలో నేల విడిచేటప్పుడైనా, పైన 2,500 మీ/సె వేగంతో పోతున్నప్పుడైనా ఈ భాగం అంతే. రెండో సందర్భంలో నేల మీది నుంచి చూసేవారికి ఆ వాయువు నిలిచిపోయినట్టే కనిపిస్తుంది, థ్రస్టు మాత్రం తగ్గదు.

క్రషర్ నడిపేవాడిని, చిత్తూరు
మాస్టారూ, మా చ్యూట్ అడుగును బెల్టు నడిచే దిక్కుకు వంచాక రబ్బరు అరుగుదల తగ్గింది. దీనికీ ఈ లెక్కకూ సంబంధం ఉందా?

విశ్రాంత అధ్యాపకుడు
ఉంది. సరుకు ముందే 1.5 మీ/సె వేగంతో బెల్టు మీదికి వస్తే బలం 20 న్యూటన్లు, మోటారుపై భారం 40 వాట్లు, జారుడు నష్టం 5 వాట్లే.

ఇంజనీరింగ్ విద్యార్థి
కానీ చ్యూట్ కింద ఇసుక గుట్టగా పడితే పై పొర కింది పొర మీద జారుతుంది. అక్కడ మీ 0.4 సెకను నిలుస్తుందా, సార్?

విశ్రాంత అధ్యాపకుడు
నిలవదు. 80 న్యూటన్లు నిలుస్తాయి, 80 వాట్ల వేడీ నిలుస్తుంది. అందులో రబ్బరుకు ఎంత, ఇసుకకు ఎంత అన్నది ద్రవ్యవేగం లెక్క ఒక్కటే చెప్పలేదు. దానికి ఆ బెల్టు దగ్గరకే వెళ్లి కొలవాలి.