x = u² పెట్టి తర్వాత u = t³ అంటే మార్కు కోయాలా?

బీటీఎం పీజీ కుర్రాడు: మా కోచింగ్‌లో ∫ dx/(√x + ∛x) ఇచ్చారు. ముందు x = u² పెట్టి, తర్వాత u = t³ పెట్టాను. జవాబు కలిసింది. అయినా 4 మార్కుల్లో 1 కోసేశారు, ఒకేసారి x = t⁶ పెట్టాలట. న్యాయమేనా?

మల్లేశ్వరం మాస్టారు: కాదు బాబూ. నేరుగా వెళ్తే √x = t³, ∛x = t², dx = 6t⁵ dt. పైన 6t⁵, కింద t²(t + 1). t² కొట్టేస్తే 6t³/(t + 1) మిగులుతుంది. నీ దారిలో నడిచినా చివరికి తేలేది ఇదే, నేను వేసి చూశాను. భాగిస్తే 6(t² − t + 1 − 1/(t + 1)), కాబట్టి జవాబు:

2√x − 3∛x + 6x^(1/6) − 6 ln(1 + x^(1/6)) + C

u² దగ్గరే ఆగిపోతే మాత్రం క్యూబ్ రూట్ అలాగే కూర్చుంటుంది. నువ్వు ఆగలేదు కదా.

సిల్క్ బోర్డ్ జామ్: ఇంత ఆలోచన దేనికండీ? 2, 3 ఉంటే గుణించి 6. రూట్, నాలుగో రూట్ ఉంటే 8. అంతే.

మల్లేశ్వరం మాస్టారు: గుణించడం కాదు నాయనా, క.సా.గు. 2, 4కి 4 చాలు. 1/(√x + ⁴√x)కి t⁴ పెడితే 4t²/(t + 1) వస్తుంది. t⁸ పెడితే 8t⁵/(t² + 1). తప్పేం కాదు, కానీ t² = s అని ఇంకోసారి మార్చుకోవాలి.

వైట్‌ఫీల్డ్ అక్క: నాది √x + ∛(x + 1). t⁶ పెట్టి రెండు రాత్రులు కూర్చున్నాను, ∛(t⁶ + 1) కదలడం లేదు.

మల్లేశ్వరం మాస్టారు: కదలదమ్మా. రెండు రూట్ల లోపలా ఒకటే ఉండాలి. రెండిట్లోనూ x + 1 ఉంటే x + 1 = t⁶ అనొచ్చు. హారంలో నీ జత ఉంటే ఈ చిట్కా పనికిరాదు.

వైట్‌ఫీల్డ్ అక్క: అయ్యో, నాది హారంలో కాదండీ, ఉత్త కూడికే!

మల్లేశ్వరం మాస్టారు: అయితే సబ్‌స్టిట్యూషనే అక్కర్లేదు. విడివిడిగా చేసెయ్యమ్మా, రెండు నిమిషాలు.

సిల్క్ బోర్డ్ జామ్: నేను మాత్రం కోచింగ్ సార్ వైపే. లిమిట్స్ ఇస్తే తెలుస్తుంది. x 1 నుంచి 64 అనుకోండి. ఒకేసారి వెళ్తే t 1 నుంచి 2. కుర్రాడి దారిలో ముందు 1–8, మళ్లీ 1–2. మధ్యలో ఒకటి మర్చిపోతే గోవిందా.

బీటీఎం పీజీ కుర్రాడు: నిజం చెప్పాలంటే పోయిన టెస్టులో అలాగే పోయింది. 8 దగ్గరే ఆగిపోయా.

మల్లేశ్వరం మాస్టారు: అది చూసి పట్టుకోవచ్చు. ఆ ఫంక్షన్ 1 దగ్గర 1/2, 64 దగ్గర 1/12, మధ్యలో తగ్గుతూనే ఉంటుంది. పొడవు 63. కాబట్టి జవాబు 5.25కీ 31.5కీ మధ్యే ఉండాలి. అసలు విలువ 11 − 6 ln(3/2), సుమారు 8.57. dxలో 6 మర్చిపోతే 1.43 వస్తుంది, లిమిట్స్ 8 దగ్గర వదిలేస్తే వందల్లోకి పోతుంది. రెండూ హద్దు దాటినవే.

సిల్క్ బోర్డ్ జామ్: అయినా మార్కు విషయంలో నా మాట మారదు మాస్టారూ.

మల్లేశ్వరం మాస్టారు: నాదీ మారదు.