రెటినాల్ కంటి దగ్గర రాయకపోయినా మంట: విడిగా ఐ క్రీమ్ అవసరమా?

ఆరు వారాలుగా 0.3 శాతం రెటినాల్ క్రీమును వారానికి రెండు రాత్రులు, ముఖమంతటికీ బఠాణీ గింజంత వాడుతున్నాను. కంటి చుట్టూ ఉండే ఎముక గట్టు దాటి లోపలికి ఎప్పుడూ రాయలేదు. అయినా మూడో వారం నుంచి కళ్ల బయటి మూలల్లో చర్మం సన్నని పొట్టులా లేస్తోంది. ముఖం కడిగితే చురుక్కుమంటుంది, రాసిన మర్నాడు పొద్దున కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటుంది. చూపులో తేడా, వాపు లేవు.

పది రోజులు పూర్తిగా మానేస్తే తగ్గింది. తర్వాత ముందు మాయిశ్చరైజర్, దానిపైన రెటినాల్ రాశాను. మూడోసారికే మంట మళ్లీ మొదలైంది. కంటి మూలలకు ముందే వాజలీన్ పూసినప్పుడు పొట్టు తగ్గింది కానీ, పొద్దుటి గరగర పోలేదు. రాసిన పది నిమిషాలకే పడుకుంటాను, అదీ పక్కకు తిరిగి. క్రీము దిండుకు అంటి కంట్లోకి చేరుతోందేమోనని నా అనుమానం.

కంటి కింది సన్నని గీతల కోసం 0.1 శాతం రెటినాల్ ఉన్న ఐ క్రీమ్ కొందామనుకున్నాను. పదార్థాల జాబితా చూస్తే మిగతాదంతా నా మాయిశ్చరైజర్‌లాగే ఉంది, డబ్బా మాత్రం చిన్నది!

ఇలా కళ్లు గరగరలాడినవారు తక్కువ శాతం ఐ క్రీముకు మారితే తట్టుకోగలిగారా, లేక కంటి చుట్టూ రెటినాల్ పూర్తిగా మాని సువాసన లేని మాయిశ్చరైజర్‌తోనే సరిపెట్టుకున్నారా?