స్టాప్ లాస్‌ను 'పట్టించుకోలేదా', 'జరిపాడా'?

శ్రీలత: మన బెంగళూరు గుంపు సంచికకు ఒక చిన్న కథ వచ్చింది. మారతహళ్ళిలో ఉండే కుర్రాడు, రెండు లక్షల పెట్టుబడి. 500 చొప్పున 200 షేర్లు కొని, ధర పడితే నష్టం పెరగకుండా అమ్మేసేలా 490 దగ్గర స్టాప్ లాస్ ఆర్డర్ పెట్టాడు. తర్వాతి వాక్యం: "ధర 490కి వచ్చినా స్టాప్ లాస్‌ను పట్టించుకోలేదు." ఈ క్రియ సరిపోయిందా? స్టాప్ లాస్‌కు తెలుగు మాట వాడాలా?

వేణు: సరిపోయింది. అది తనకు తాను గీసుకున్న గీత, దాటాడు.

సుబ్బారావు: గీత మనసులోనే ఉంటే మీ మాట చెల్లుతుంది వేణు గారూ. ఇక్కడ ఆర్డర్ పెట్టాడు. ధర 490 తాకగానే అది తనంతట తానే అమ్మకానికి వెళ్తుంది, అతను పట్టించుకునేది ఏమీ ఉండదు. కాబట్టి, మాటవరసకు, 492 దగ్గరే మాడిఫై నొక్కి 480కి దించి ఉండాలి, 481కి రాగానే రద్దు చేసి ఉండాలి. "కిందికి జరిపాడు", ఆ తర్వాత "తీసేశాడు" అనాలి. "కిందికి" తప్పనిసరి, ఎందుకంటే లాభం వస్తున్నప్పుడు పైకి జరపడం మంచి పనే. కథకు ప్రాణం అక్కడుంది: రెండుసార్లూ తన వేలితోనే చేశాడు. చివరికి 462 దగ్గర భయపడి అమ్మాడనుకోండి, 7,600 పోయినట్టు. మొదటిచోటే ఉంచితే 2,000తో పోయేది.

మాధవి: అయితే "గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాడు" అనండి, అతికినట్టుంటుంది. తెలుగు మాటంటే "నష్టనిరోధం" వద్దు, నష్టమే రాదన్నట్టుంది. "నష్టపరిమితి" నయం.

సుబ్బారావు: అదీ పూర్తిగా కుదరదమ్మా. కంపెనీ ఫలితాలు రాగానే ధర 491 నుంచి ఒక్కసారిగా 478కి పడిందనుకోండి, మధ్యలో కొనేవాళ్లుండరు. మార్కెట్ రకం ఆర్డరైతే 478 చుట్టుపక్కల అమ్ముడవుతుంది. 489కి తక్కువైతే అమ్మొద్దని లిమిట్ పెట్టిన రకమైతే అమ్ముడుపోకుండా అలాగే ఉండిపోతుంది. 'పరిమితి' అంటే లేని హామీ ఇచ్చినట్టే.

అనిల్: నిన్న పెట్టిన నా స్టాప్ లాస్ ఇవాళ కనబడట్లేదు. యాప్ తప్పా?

సుబ్బారావు: కాదు బాబూ. మామూలు ఆర్డర్ ఆ రోజుకే, మధ్యాహ్నం మూడున్నరకు మార్కెట్ మూశాక రద్దవుతుంది. ఆ రోజే అమ్మకుండా ఉంచుకునే డెలివరీ షేర్లకు రోజూ పొద్దున మళ్లీ పెట్టాలి, లేదా రోజులు మారినా నిలిచి ఉండేలా బ్రోకర్ ఇచ్చే జీటీటీ ఆర్డర్ వాడాలి. శ్రీలత గారూ, కథలో "స్టాప్ లాస్ పెట్టి రాత్రి నిశ్చింతగా పడుకున్నాడు" లాంటిదుంటే దిద్దించండి.

శ్రీలత: ఉంది! ముగింపులో "క్రమశిక్షణ నేర్చుకున్నాడు" అని కూడా ఉంది.

సుబ్బారావు: ఆ మాట తీసేసి పని చూపించమనండి. ఇప్పుడు స్టాప్ ఎక్కడో ముందు చూస్తాడు, ఎన్ని షేర్లన్నది తర్వాత. రెండు లక్షల్లో ఒక శాతం, అంటే 2,000 వరకే పోనిస్తాడు. స్టాప్ పది రూపాయల దూరంలో ఉంటే 200 షేర్లు, ఇరవై దూరమైతే 100.

వేణు: క్రియ విషయం ఒప్పుకున్నా. "నష్టపరిమితి" మాత్రం నాకింకా బాగానే ఉంది.

మాధవి: "తెంపుడు ధర" అంటే?

శ్రీలత: అర్థమవుతుందో లేదో కథ రాసినాయన్నే అడుగుతాను. అప్పటిదాకా స్టాప్ లాస్ అనే ఉంచుతున్నా.