అప్‌డేట్: సమావేశంలో అనుకున్నవి మెయిల్‌లో పెట్టాక

నా ప్రశ్న: “మాటల్లో అందరూ ఒప్పుకున్న గడువును తర్వాత ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?”

అనుకున్నవి మెయిల్‌లో పెట్టమన్న మీ సలహా ప్రకారం, ఈసారి సమావేశం ముగిసిన గంటలోపే అందరికీ ఇలా రాశాను: “పాత డేటాను రెండు విడతల్లో మార్చాలని నిర్ణయించాం. మొదటి విడత పరీక్ష బాధ్యత టెస్టింగ్ లీడ్‌గారిది, గడువు 14వ తేదీ సాయంత్రం 5 గంటలు. తేడా ఉంటే రేపు మధ్యాహ్నంలోగా తెలపండి.”

అరగంటలో ఆయన జవాబిచ్చారు: 14 పరీక్ష మొదలయ్యే తేదీ అనుకున్నారట, పూర్తయ్యేది 18న. ఒకే సంఖ్యను ఇద్దరం రెండు రకాలుగా విన్నామన్నమాట! సవరించిన తేదీని అదే మెయిల్‌కు జవాబుగా అందరికీ పంపాను.

డేటా అప్పగించాల్సిన సహోద్యోగి మాత్రం స్పందించలేదు. ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం నాకు సరికాదనిపించి, ఫోన్ చేసి, “సరే” అని ఒక్క వాక్యం రాయించుకున్నాను.