తెలియని వాళ్లకి సేల్స్ కాల్: మొదటి పది సెకన్లలో ఏం మాట్లాడాలి?

శ్రావణి_బెజవాడ
మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో టెలీకాలర్‌గా చేరాను. "నమస్తే సార్, నేను ఫలానా కంపెనీ నుంచి కాల్ చేస్తున్నాను సార్, ఎలా ఉన్నారు సార్" అనేలోపే పెట్టేస్తున్నారు. స్క్రిప్ట్ చదువుతున్నట్టు అనిపించకుండా ఎలా మొదలుపెట్టాలి?

ప్లాట్స్_రాజు
మాటలదేం లేదమ్మా, అంతా గొంతులోనే ఉంది. నవ్వుతూ మాట్లాడు, పేరు పెట్టి పిలువు. "అన్నా బాగున్నారా" అంటే మనవాళ్లెవరో అనుకుని ఆగుతారు. ప్లాట్లు నేను అలాగే అమ్ముతున్నా.

పాత_టీమ్‌లీడ్
గొంతు సంగతి నిజమే, రాజు గారూ. కానీ ఎవరో తెలిసినవాళ్లని భ్రమపెట్టి ఆపితే, అది తెలిసిన క్షణాన కోపం రెట్టింపవుతుంది. ప్లాట్లకి ఎలా ఉంటుందో గానీ, షాపువాళ్ల దగ్గర ఇది పనిచెయ్యడం నేను చూడలేదు.

శ్రావణీ, ముందు నీ కాల్ రికార్డింగ్ ఒకటి తెప్పించుకుని మొదటి మూడు సెకన్లు విను. అవతలివాళ్లు "హలో" అన్నాక నీ గొంతు వెంటనే వస్తోందా, లేక వాళ్లు రెండోసారి "హలో... హలో" అన్నాక వస్తోందా? ఆటో డయలర్ అయితే వాళ్లు ఎత్తాకే కాల్‌ని ఖాళీగా ఉన్న ఏజెంటుకి కలుపుతుంది. ఆ నిశ్శబ్దంలోనే సేల్స్ కాల్ అని వాళ్లకి తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎంత తియ్యగా మాట్లాడినా లాభం లేదు. ముందు షాపు వివరం స్క్రీన్ మీద చూసి, నువ్వే నొక్కి కాల్ చేసే పద్ధతికి మార్చమని అడుగు. కాల్స్ సంఖ్య తగ్గుతుంది. మాట సాగే కాల్స్ పెరుగుతాయి.

ఇక మాటలు. మూడు "సార్"లు, "ఎలా ఉన్నారు" తీసెయ్. ముక్కూ మొహం తెలియని మనిషి క్షేమసమాచారం అడిగితే, తర్వాత ఏదో అమ్ముతారని అందరికీ తెలుసు. నేనైతే ఇలా మొదలుపెట్టమంటాను:

"మెడికల్ షాపేనా అండీ? నా పేరు శ్రావణి, ఫలానా కంపెనీ. మనకి పరిచయం లేదు, ఇది సేల్స్ కాలే. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ మందులు డిస్ట్రిబ్యూటర్‌కి తిప్పి పంపే విషయంలో ఒకటి అడగాలి. కౌంటర్ దగ్గర ఎవరైనా ఉన్నారా ఇప్పుడు?"

అక్కడ ఆపు. గాలి పీల్చుకుని మళ్లీ అందుకోవద్దు. వాళ్లే మాట్లాడాలి.

ప్లాట్స్_రాజు
"ఇది సేల్స్ కాలే" అని నీ నోటితో నువ్వే చెప్తే ఎవడు లైన్‌లో ఉంటాడండీ? పెట్టెయ్యమని మనమే చెప్పినట్టు.

పాత_టీమ్‌లీడ్
పెట్టేసేవాళ్లు పెట్టేస్తారు. వాళ్లు ఎలాగూ కొనరు, నీ టైమ్ మిగులుతుంది. ఉన్నవాడికి మాత్రం "ఇంతకీ ఎందుకు చేసినట్టు" అన్న అనుమానం పోతుంది, చెప్పేది చెవికెక్కుతుంది. "ఒక్క నిమిషం మాట్లాడొచ్చా" అంటే "ఇప్పుడు కాదు" అనడం సులువు. "కౌంటర్ దగ్గర ఎవరైనా ఉన్నారా" అంటే అలా కాదు, నిజంగా చూసి చెప్పాలి. ఉన్నారంటే "ఎన్నింటికి చెయ్యమంటారు" అని టైమ్ రాసుకుని పెట్టెయ్.

రఘు_నెల్లూరు
ఈ కాల్స్ రాకుండా డీఎన్‌డీ ఎలా పెట్టుకోవాలి?

పాత_టీమ్‌లీడ్
1909కి ఫోన్ చెయ్యండి. ఇక్కడి ప్రశ్న అది కాదు.

గుంటూరు_మెడికల్స్
నాకూ షాపుంది, ఈ తంటా నేనూ చెప్తాను. మా పక్కనే క్లినిక్. సాయంత్రం ఏడింటికి చీటీలు పట్టుకుని జనం నిలబడి ఉంటారు. అలాంటప్పుడు ఒకావిడ ఫోన్ చేసి "మీ డిస్ట్రిబ్యూటర్ వైపు నుంచి" అంది. ఆర్డర్ సంగతేమో అని చేతిలో ఉన్న చీటీ పక్కన పెట్టి విన్నాను. తీరా చూస్తే సాఫ్ట్‌వేర్. ఓ పెద్దాయన షుగర్ మాత్రల కోసం నిలబడి చూస్తున్నాడు. నన్నడిగితే మొదటి పది సెకన్లకి మంచి మాటంటూ ఏదీ లేదు. అసలు చెయ్యకండి.

ప్లాట్స్_రాజు
చెయ్యకండి అంటే మా ఇళ్లు ఎలా నడుస్తాయండీ? మీ షాపు బోర్డు మీద నంబర్ ఎందుకు రాయించుకున్నారు?

గుంటూరు_మెడికల్స్
మందులు కావాల్సినవాళ్ల కోసం రాయించాను, మీ కోసం కాదు! మీరంతా మామూలు పది అంకెల నంబర్ల నుంచి చేస్తారు. పేషెంటేమో అని ఎత్తుతాను. ప్రమోషన్ కాల్స్‌కి 140తో మొదలయ్యే నంబర్లు ఉన్నాయి కదా, వాటి నుంచి చెయ్యరేం?

ప్లాట్స్_రాజు
140 నుంచి చేస్తే ఎవరూ ఎత్తరు కాబట్టి! ఎత్తకపోతే ఆ పది సెకన్లు ఎక్కడివి?

సుజాత_వరంగల్
దొరికింది అసలు గొడవ.

శ్రావణి_బెజవాడ
నిజం చెప్తాను. మా ఆఫీసులో మామూలు సిమ్‌లే ఇచ్చారు. ఇంకోటి, "ఎలా ఉన్నారు సార్" అనకపోతే క్వాలిటీవాళ్లు మార్కులు కోస్తారు, ఆ నెల ఇన్సెంటివ్ పోతుంది. ఆ వాక్యం నాకూ ఇష్టం లేదు. నా గొంతు మార్చుకోమని అందరూ అంటారు, ఆ మార్కుల కాగితం మార్చమని ఎవరూ అడగరు.

పాత_టీమ్‌లీడ్
ఇది మొదట్లోనే చెప్పి ఉంటే బాగుండేదమ్మా. ముందు సిమ్ సంగతి. 2024 ఆగస్టులో ట్రాయ్ టెలికం కంపెనీలకి ఆదేశమిచ్చింది. రిజిస్టర్ కాకుండా టెలీమార్కెటింగ్ చేసేవాళ్ల కనెక్షన్లన్నీ కోసేసి, రెండేళ్ల వరకు బ్లాక్‌లిస్టులో పెట్టమంది. ఆ సిమ్ నీ ఆధార్ మీద ఉందా, కంపెనీ పేరు మీద ఉందా చూసుకో. నీ పేరు మీద ఉంటే రేపే తిరిగి ఇచ్చెయ్.

ఇక మార్కుల కాగితం. నీ టీమ్‌లీడ్‌ని ఊరికే బతిమాలితే వినడు. ఒక వారం సగం కాల్స్ పాత పద్ధతిలో, సగం కొత్త మాటలతో చెయ్యనివ్వమను. ఎన్ని ఎత్తారని లెక్కపెట్టొద్దు, అర నిమిషం దాటినవి ఎన్నో చూడమను. పేరు, కంపెనీ రెంటిలోనూ ఉంటాయి కాబట్టి క్వాలిటీవాళ్లకి పెద్దగా అభ్యంతరం ఉండకూడదు.

కొత్త మాటలు కుదిరాయో లేదో వాళ్ల మొదటి జవాబే చెప్తుంది. "ఎవరూ మాట్లాడేది?" అన్నారంటే నీ పేరు, కంపెనీ కలిపి మింగేశావు, విడివిడిగా చెప్పు. "నా నంబర్ ఎక్కడిది?" అంటే గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేరు కింద ఉంది అని, అది నిజమైతేనే, సూటిగా చెప్పు. "ఎక్స్‌పైరీ సంగతేంటి?" అన్నారంటే దారిన పడ్డట్టే.

ప్లాట్స్_రాజు
మా బిజినెస్‌లో ఇవేవీ నడవవు. కొనేవాడికి ముందు మనిషి మీద నమ్మకం కుదరాలి.

గుంటూరు_మెడికల్స్
నమ్మకం అంటూనే "బాగున్నారా అన్నా" అని మొదలుపెడతారు మీరు.

శ్రావణి గారూ, మీమీద కోపం లేదు. ఎక్స్‌పైరీ మాట మాత్రం నిజం. తిప్పి పంపడానికి ఒక్కో కంపెనీది ఒక్కో గడువు, అది దాటితే ఆ స్ట్రిప్పుల నష్టం నాదే. మొదటి వాక్యంలో అదడిగితే, ఖాళీగా ఉంటే వింటానేమో. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య చెయ్యండి. పొద్దున స్టాకు దిగుతుంది, సాయంత్రం చీటీలు. కానీ 140 నంబర్ నుంచి చెయ్యండి.

శ్రావణి_బెజవాడ
140 అయితే మీరు ఎత్తుతారా అండీ?

గుంటూరు_మెడికల్స్
ఇప్పటిదాకా ఎత్తలేదు.