కమ్యుటేషన్ అప్పు తీరిపోయింది, ఇంకా కోత ఎందుకు?

భాస్కర్: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి 2016 ఆగస్టులో 60 ఏళ్ళకు రిటైరయ్యాను. పెన్షన్ 30,000. అందులో 40 శాతం, అంటే 12,000 కమ్యుటేషన్ కింద అమ్ముకుంటే ఒకేసారి చేతికి 11,79,936 వచ్చింది. నెలకు 12,000 చొప్పున అది ఎప్పుడో తీరిపోయింది. 15 ఏళ్ళదాకా కోయడం న్యాయమేనా?

రమణారావు: అన్యాయమే. 98 నెలలకు, అంటే 8 ఏళ్ళు దాటగానే అసలు తీరింది. మిగతాదంతా వాళ్ళకు లాభమే కదా!

సుజాత: రమణారావు గారూ, వడ్డీ లేకుండా లెక్కేశారు. 60కి రిటైరైతే వచ్చే పుట్టినరోజు వయసు 61కి లెక్క; దానికి ఏడాది మొత్తాన్ని హెచ్చించే 8.194 గుణకంలోనే 8 శాతం వడ్డీ ఉంది. ఆ వడ్డీతో నెలనెలా తీర్చుకుంటూ పోతే 160 నెలలు, అంటే 13 ఏళ్ళ 4 నెలలు పడుతుంది. మిగతా 20 నెలలు దేనికంటారా? పెన్షనర్ మూడో ఏడే పోతే బాకీ అక్కడితో ఆగిపోతుంది, ఫ్యామిలీ పెన్షన్‌లో ఒక్క రూపాయి కూడా కోయరు. ఆ నష్టం మనలాంటి బతికున్నవాళ్ళ కోతలోంచి పూడుతుంది. పైగా డీఏ మీకు 18,000 మీద కాదు, పూర్తి 30,000 మీదే ఇస్తున్నారు.

వెంకటలక్ష్మి: నాకూ ఇదే టెన్షన్ అండీ. మా ఆయన 2007లో రిటైరయ్యారు. 2022లో 15 ఏళ్ళు నిండి పెన్షన్ పెరిగింది గానీ, కొంత కోత ఇంకో ఏడాదికి పైగా నడిచింది. బ్యాంకు వాళ్ళు తప్పు చేశారా?

సుజాత: మీది వేరే సంగతి, అమ్మా. 2006 నుంచి వర్తించే వేతన సవరణ 2008లో అమలైంది. అప్పుడు పెరిగిన పెన్షన్‌లోనూ 40 శాతానికి తేడా డబ్బు ఇచ్చి ఉంటారు. ఆ రెండో ముక్కకు 15 ఏళ్ళు దాని తేదీ నుంచే మొదలవుతాయి. ఆ తేడా డబ్బు ఎప్పుడు పడిందో పాస్‌బుక్‌లో చూసుకోండి. ఆ రోజు నుంచి 15 ఏళ్ళు దాటాక కూడా కోస్తేనే తప్పు.

రమణారావు: సరే, వడ్డీ ఒప్పుకున్నా. కానీ 8 శాతం ఇప్పుడు ఏ బ్యాంకు ఇస్తోంది? 6 శాతం వేస్తే 11 ఏళ్ళ 4 నెలలకే తీరుతుంది. అయిదో వేతన సంఘం కూడా 12 ఏళ్ళే చాలంది. కేరళలో 12 ఏళ్ళే!

సుజాత: సంఘం చెప్పింది నిజం, కేంద్రం ఒప్పుకోలేదు. 15 ఏళ్ళ మాట సుప్రీంకోర్టులో కామన్ కాజ్ కేసు నాటిది. దాన్ని తగ్గించమని వేసిన పిటిషన్లను పంజాబ్-హర్యానా హైకోర్టు 2024లో కొట్టేసింది. అయితే వడ్డీ రేటు సంగతిలో మాత్రం మీతో పేచీ పడను. ఆ గుణకాల 2008 నాటి పట్టికను మళ్ళీ లెక్కవేయాలి. వేస్తే, కొత్తగా రిటైరయ్యేవాళ్ళ చేతికొచ్చే మొత్తం పెరుగుతుంది, మనకు మాత్రం కాదు.

భాస్కర్: అంటే నాకు 2031 సెప్టెంబరే గతి. అప్పటికి 75 వస్తాయి, ఉంటే చూద్దాం.

రమణారావు: మీరు ఆగండి, నేను మాత్రం కోర్టు కెళ్ళేవాళ్ళతోనే!